నాలుగో కాలమ్

నేను రాసినవాటిలో పదిమందీ మెచ్చుకున్నది ఒకే ఒకటి ఉంది. అది ఒక ఈమెయిల్. రెండు వారాలు కొత్త పనేదీ నెత్తిన వెయ్యకండి, పాత కోడ్‌ని బాగుచేసుకోనివ్వండి అని పైవాళ్ళని అడుగుతూ రాసినది. దాని గురించి ఎవరైనా మంచిగా మాట్లాడిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది. దానికి కారణం నా భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి జరిగిన సంగతి. మా ఆఫీసు సర్జాపుర రోడ్డులో ఉండేది. ఆ రోడ్డు అప్పుడప్పుడే అపార్ట్‌మెంట్ల రోడ్డు అవుతోంది. కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము, మూస్తే ఏసీ గోల. నేను టెక్ లీడ్‌ని. అంటే పదిమంది రాసే కోడ్‌కి జవాబుదారీ నాది, ఆ పదిమంది జీతాల మీద, ప్రమోషన్ల మీద అధికారం మాత్రం మేనేజర్‌ది. ఆయనది కన్నడం. నాతో కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నేను ఈ ఊళ్ళోనే, నగర్తపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, కన్నడం నాకు ఇంటిభాషతో సమానం. ఆయన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తాను.

మేం చేసేది ఒక విదేశీ రవాణా కంపెనీకి సాఫ్ట్‌వేర్. ఏ సరుకు ఏ లారీలో ఎక్కించాలో అది తేల్చి చెప్పాలి. అందులో గుండెకాయ లాంటి ఫైలు ఒకటుంది. ఆ ఫైల్లో రెండువేల వరసల ఫంక్షన్, అంటే ఒక లెక్క చేసే కోడ్ ముక్క, ఒకటుంది. క్లయింటు కొత్త నియమం చెప్పినప్పుడల్లా దాంట్లో ఇంకో షరతు ఇరికించడం మాకు అలవాటు. పైగా అందులోని సగం లెక్కని ఎవరో ఎత్తి ఇంకో రెండు ఫైళ్ళలో అచ్చంగా అతికించారు. ఒకచోట మారిస్తే మిగతా రెండు చోట్లా మార్చాలి. ఆ సంగతి గుర్తున్నవాళ్ళు మారుస్తారు, గుర్తులేనివాళ్ళు తిట్లు తింటారు. సరిగ్గా పనిచేస్తోందో లేదో తనంతట తాను చూసి చెప్పే టెస్టు ఒక్కటీ లేదు.

ఒకసారి ఆదివారం సెలవుల నియమం మార్చాం. దానికీ ఐస్‌క్రీముకీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ వారం ఐస్‌క్రీం లోడ్ చల్లటి లారీకి బదులు మామూలు లారీకి పడింది. మొదటిసారి క్లయింటు నవ్వాడు. ఇంకో నెలకి చేపల లోడ్‌కి అదే గతి పట్టినప్పుడు నవ్వలేదు.

తొందరలో అడ్డదిడ్డంగా చేసిన పని అప్పటికి గట్టెక్కిస్తుంది గానీ తర్వాత చేసే ప్రతి పనినీ నిదానం చేస్తుంది. దీన్నే మా వృత్తిలో టెక్నికల్ డెట్ అంటారు. ఒకరోజులో అయ్యే మార్పుకి మాకు వారం పట్టేది. ఆ మధ్యనే క్లయింటు చెప్పాడని మేము పనిని రెండేసి వారాల విడతలుగా, అంటే స్ప్రింట్లుగా, చేసే పద్ధతిలోకి మారాం. గోడల నిండా పసుపు చీటీలు అంటించుకుని ప్రతి ఉదయం నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. పద్ధతి మారింది, ఫైలు మారలేదు.

అందుకని మెయిల్ రాశాను. మొదటిది కోపంగా రాశాను, పొడుగ్గా రాశాను. ఇట్లా అయితే ఇంక నావల్ల కాదు అన్నంత పని చేశాను. జవాబు ఒక్క ముక్క: రిలీజ్ అయ్యాక మాట్లాడదాం. మా ఆఫీసులో రిలీజ్ అయ్యాక అంటే మళ్ళీ జన్మలో అని అర్థం.

మరుసటి రోజు మేనేజర్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథలో తప్పంతా ఆయన మీదికి తోసెయ్యాలని నాకే బుద్ధి పుడుతుంది.

"చూడప్పా, కోడ్ బాగాలేదు అని ప్రతి లీడూ అంటాడు. పైవాళ్ళకి ఆ పాట విని విని చెవులు దిమ్మెక్కినాయి. నాకు డేటా ఇవ్వు. జబ్బు ఎక్కడుంది, ఎన్ని రోజులు పోతున్నాయి, ఎందువల్ల వచ్చింది. అప్పుడు నేను మోసుకుని వెళ్తాను," అన్నాడు.

మంచి సలహా. అందుకే రెండోసారి బుద్ధిగా కూర్చుని రాశాను. ఏ ఫైలు వల్ల ఎన్ని తప్పులు వచ్చాయో మా బగ్ జాబితాలోంచి ఏరాను. ఒక్కొక్కదాని మీద ఎన్ని రోజులు పోయాయో టైమ్‌షీట్లలోంచి తీశాను. అడుగుతున్న ఆ ఒక్క స్ప్రింట్‌లో ఏం చేస్తామో వరసగా రాశాను: ముందు ఇప్పుడున్న ప్రవర్తన ఎట్లా ఉందో అట్లాగే పట్టి ఉంచే టెస్టులు, ఆ తర్వాతే పెద్ద ఫంక్షన్‌ని చిన్న ముక్కలు చెయ్యడం, మూడు నకళ్ళని ఒకటి చెయ్యడం, ఎవరూ పిలవని కోడ్‌ని తీసెయ్యడం. ఏం చెయ్యమో కూడా రాశాను: మొత్తం తిరగరాయం, కొత్త ఫీచర్ ఏదీ సందులో దూర్చం. అది అయ్యాక ఇంకో రెండు స్ప్రింట్లు గడిస్తే ఏం చూసి మేము గెలిచామో ఓడామో మీరు తేల్చుకోవచ్చు అన్నది కూడా రాశాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

"ఎందువల్ల" అన్నదానికి మాత్రం పట్టికలో జాగా ఖాళీగా ఉంది.

ఏ వరస ఎవరు చేర్చారో చూపించే కమాండ్ ఒకటి ఉంటుంది. ఆ ఫైలు మీద నడిపాను. పైనుంచి కిందికి దాదాపు ప్రతి వరస పక్కనా ఒకటే లాగిన్ వచ్చింది. మా టీమ్‌లో నా తర్వాత అందరికంటే పాత మనిషిది. పట్టికలో నాలుగో కాలమ్ పెట్టి, పైన "రాసినవారు" అని వేసి, ఆ లాగిన్ దించాను. కింద ఒక వాక్యం చేర్చాను. ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యానికి అర్థం ఇది: డిజైన్ రివ్యూ లేకుండా, అనుభవం చాలని ఒకే డెవలపర్ చేతిలో పెరిగిన మాడ్యూల్ ఇది. మంచి వాక్యం కుదిరిందని మురిసిపోయి ఒకసారి పైకి చదువుకున్నాను కూడా.

ఆమె గురించి చెప్పాలి. తెలుగు క్రైస్తవుల అమ్మాయి. వాళ్ళమ్మ గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. వాళ్ళు చందాపురలో ఉండేవాళ్ళు. టీమ్‌లో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నన్ను అన్నా అనేది. నా "ఉండాది", "ఉండాడు" విని నవ్వేది, నేను ఆమె "ఏంటండీ"ని వెక్కిరించేవాణ్ణి. గొంతు చిన్నది. మీటింగుల్లో తన పని తాను చెప్పుకోవడం బొత్తిగా రాదు. ఆమె ముట్టుకున్న కోడ్‌లో తప్పు రావడం నేను అరుదుగా చూశాను. ఆ ఏడు ఆమెని మాడ్యూల్ లీడ్ చెయ్యమని నేనే మేనేజర్‌కి నోటిమాటగా చెప్పి ఉన్నాను.

మరి ఆ లాగిన్ చూసినప్పుడు నాకు అనుమానం రాలేదా? మరిచిపోయాననే చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఏదో ఒకటి కాస్త గుచ్చుకుంది. ఈమె రాసే తీరు ఇట్లా ఉండదే అనుకున్నాను. కానీ పట్టిక నిండింది, మెయిల్‌కి బలం వచ్చింది, పంపే బటన్ ఎదురుగా ఉంది. గుచ్చుకున్నదాన్ని తీసి చూడలేదు.

రెండో రోజే జవాబు వచ్చింది. డేటాతో మాట్లాడటం అంటే ఇది అని మేనేజర్‌కి పైన ఉండే డెలివరీ పెద్ద స్వయంగా రాశాడు. స్ప్రింట్ ఇచ్చారు. టీమ్‌కి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అందరికంటే ఎక్కువ సంతోషపడింది. "ఎన్నాళ్ళ నుంచో అన్నా ఈ ఫైలు మీద నా కన్ను! నాకే ఇవ్వండి," అంది. ఇచ్చాను.

స్ప్రింట్ మూడోరోజు మధ్యాహ్నం నేను ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె ఆ రెండువేల వరసల్లో మధ్యకి దిగింది. ఒకచోట ఆగి, మానిటర్ నా వైపు తిప్పి నవ్వడం మొదలుపెట్టింది. అక్కడ కోడ్ పక్కన రాసినవాళ్ళు పెట్టుకునే కామెంట్ ఒకటి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఇది ఎందుకు పనిచేస్తాదో తెలీదు. ముట్టుకోవద్దు."

"పనిచేస్తాదో అంట! ఈ టీమ్‌లో అట్లా అనేది ఇంకెవరున్నారన్నా మీరు కాక?" అంది. "మూడేళ్ళ కిందటే చూశాను. మా అమ్మకి కూడా చెప్పి నవ్వాను."

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ ఫంక్షన్ నాది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఏమీ తెలియనప్పుడు, ఎవరూ చూడకుండా నేను రాసింది. ఆ మూడు నకళ్ళూ నేను అతికించినవే.

మూడేళ్ళ కిందట కోడ్ దాచే పాత సర్వర్ నుంచి కొత్త పద్ధతికి మారాం. ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న పాత చరిత్రంతా కూడా తరలించాలని ఆమె రెండు రోజులు తంటాలు పడింది. పాత సర్వర్లో ఏవో ఫైళ్ళు చెడిపోయి ఆ పని మధ్యలో ఆగిపోయేది. నాకు విసుగొచ్చింది. "చరిత్ర ఎవురికి కావాలమ్మా, ఇప్పుడున్న కోడ్ ఎత్తి దాంట్లో పడెయ్," అన్నాను. అది ఆదివారం. చర్చిలో పాటల బృందంలో ఉండాల్సిన మనిషి ఆఫీసులో కూర్చుని, నేను చెప్పినట్టే, తన లాగిన్‌తో మొత్తం కోడ్‌ని ఎక్కించింది. ఆ రోజు నుంచి కొత్త పద్ధతి దృష్టిలో అన్ని వరసలూ ఆమె రాసినవే. పాత సర్వర్‌ని తీసేసేముందు మాత్రం మొత్తాన్ని ఒక సీడీ మీద ఎక్కించి, దాని మీద చక్కగా రాసి నాకిచ్చింది. "ఎందుకైనా మంచిది, ఉంచండన్నా," అంది.

"ఏంటన్నా, ముఖం అట్లా పెట్టారు? నేనెవరికీ చెప్పన్లెండి," అంది ఆమె, ఇంకా నవ్వుతూనే.

నేను కూడా నవ్వాను. నవ్వి, కాఫీ తాగొస్తానని లేచాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ సాయంత్రమంతా తిరిగాను. ఇంటికి పోయాక నా భార్యకి చెప్పాను. ఆమె స్కూల్లో లెక్కల టీచర్. పిల్లల పేపర్లు దిద్దుతూనే విన్నది.

"దీనికంత ఆలోచన దేనికి? ఇంకొక మెయిల్ రాసేది. ఆ కోడ్ నాది, పొరపాటున ఆమె పేరు పడిందని. నాలుగు ముక్కలు."

"రాస్తాలే," అన్నాను.

రాశాను కూడా. నిజంగా నాలుగు ముక్కలే. కానీ పంపబోయే ముందు ఒకసారి మేనేజర్‌తో నోటిమాటగా చెప్పడం మర్యాద కదా అనుకున్నాను. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు.

ఆయన గదిలోకి వెళ్ళేసరికి ఆయనే మొదలుపెట్టాడు. ఏటా జరిగే అప్రైజల్ రోజులవి. ఎంత మంచి టీమ్ అయినా అందరూ బాగా చేశారని రాయడానికి లేదు. పై మెట్టున ఇంతమంది, మధ్యన ఇంతమంది, అడుగున కనీసం ఒకరు ఉండి తీరాలి. అడుగున పడ్డవాళ్ళని ప్రాజెక్టు నుంచి తీసేసి ఖాళీగా కూర్చోబెడతారు. ఇంకో ప్రాజెక్టు ఏదీ తీసుకోకపోతే కొన్ని వారాల్లో వాళ్ళంతట వాళ్ళే రాజీనామా ఇస్తారు. ఇచ్చేలా చూస్తారు.

"నీ పేరు ఆర్కిటెక్ట్ ప్రమోషన్‌కి పంపిస్తున్నాను," అన్నాడు. "ఆ మెయిలే చాలు, వేరే ఏదీ అక్కర్లేదు. పోతే అడుగు సీటు ఒకటి నింపాలి. నీ పట్టికలో ఆ అమ్మాయి పేరుంది. ఈ గందరగోళమంతా ఆమె చేసిందే అయితే నాకు పని సులువవుతుంది. నువ్వే ఆమెని లీడ్ చెయ్యమన్నావు కదా మరి? అందుకే అడుగుతున్నా. ఆ ఫైలు ఆమే రాసిందా?"

ఇంతకంటే తిన్నగా ఏ మనిషీ ఏ మనిషినీ అడగడు. కాదు సార్, నేను రాశాను. మూడు నాలుగు మాటలు. నా నోట్లో సిద్ధంగానే ఉన్నాయి.

"రిపాజిటరీలో అట్లాగే ఉండాది సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, అట్లాగే ఉంది. ఆ మాటని నేను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

స్ప్రింట్ బ్రహ్మాండంగా ముగిసింది. రెండువేల వరసల ఫంక్షన్ చిన్న చిన్న ముక్కలైంది. మూడు నకళ్ళూ ఒక్కటయ్యాయి. టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. ఎక్కువ పని ఆమే చేసింది. నా చెత్తని ఆమె ఎత్తింది, ఒక్క లారీ కూడా దారి తప్పలేదు. క్లయింటు అభినందనలు రాస్తే అవి నా పేరున వచ్చాయి.

అప్రైజల్ మీటింగ్ నుంచి ఆమె బయటికి వచ్చినప్పుడు నేను కావాలనే సీట్లో లేను. కింద క్యాంటీన్లో ఉన్నాను. వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, నన్ను అడుగున వేశారు," అంది. అసలు నమ్మనట్టుంది. "ఏదో పట్టిక చూపించారు. ఆ ఫైలంతా నేనే రాశానంట. ఆ ఆదివారం కోడంతా నా లాగిన్‌తో ఎక్కించిన సంగతి చెప్పాను. ఎవరికైనా తెలుసా అన్నారు. మీకు తెలుసు అన్నాను. అప్పటి వాళ్ళు మనిద్దరమే కదా మిగిలింది. ఆ తెలుగు కామెంట్ కూడా చెప్పాను. నువ్వూ తెలుగే కదా అన్నారు."

నేను గాజు గ్లాసు వైపు చూస్తున్నాను.

"మీరు ఒక్క మాట చెబితే సరిపోతుందన్నా. ఆ సీడీ మీ దగ్గరే ఉంది కదా, పాత సర్వర్‌ది? దాంట్లో చరిత్రంతా ఉంటుంది. అది చూపిస్తే చాలు."

"చూస్తానమ్మా. ఎక్కడ పెట్టానో. వెతుకుతా," అన్నాను.

సీడీ నా డెస్కు రెండో సొరుగులో ఉంది. వెతకాల్సిన పనే లేదు. ఆ మధ్యాహ్నం సొరుగు తెరిచి చూసి మళ్ళీ మూసేశాను. ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

ఆ పట్టిక ఎవరు తయారుచేశారని ఆమె నన్ను అడగలేదు. ఆమెకి తెలియదు. అది తెలియకుండానే అంతా సర్దుకుంటే బాగుండునని నేను రోజూ అనుకునేవాణ్ణి. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అట్లా కిక్కురుమనకుండా పని చేసుకుపోయాను. ఆమె రోజూ పొద్దున "దొరికిందా అన్నా?" అనేది. నేను రోజూ "ఇంకా లేదమ్మా," అనేవాణ్ణి. నాలుగో రోజో ఐదో రోజో అడగడం మానేసింది. ఇంట్లో నా భార్య కూడా రెండుసార్లు అడిగింది, "పంపినారా?" అని. రేటింగులు పైకి పోయేవరకు కదిలిస్తే మొదటికే మోసం వస్తాదని ఒకసారి, పైకి పోయినాయి, ఇంక లాభం లేదని ఇంకోసారి చెప్పాను. రెండోసారి ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టి లోపలికి పోయింది.

ఆర్కిటెక్ట్ లెటర్ నా చేతికి వచ్చిన వారమే ఆఫీసులో ఆమెకి "మెరుగుపరుచుకోవాల్సిన అంశాలు" అని ఒక కాగితాల కట్ట ఇచ్చారు. ఎవరో శ్రద్ధ గల మనిషి ఆధారాలు కూడా జత చేశాడు. నా మెయిల్ మొత్తం, పైన నా పేరుతో సహా.

ఆమె అది పట్టుకుని నా దగ్గరికి వచ్చి గొడవ పడుతుందని ఎదురుచూశాను. పడితే బాగుండేది. నాకు కోపం వచ్చేది, కోపం వస్తే నాకు చాలా తేలికవుతుంది. ఆమె రాలేదు. రాజీనామా ఇచ్చేసింది. చివరి రోజు తన పనంతా అప్పగిస్తూ ఒక డాక్యుమెంట్ రాసి ఇచ్చింది. అందులో ఆ ఫైలు గురించి ఏడు పేజీలున్నాయి, ఏ ముక్క ఏం చేస్తుందో, ఏది ముట్టుకుంటే ఏది కదులుతుందో. ఇప్పటికీ అంత మంచి అప్పగింత పత్రం నేను చూడలేదు.

బస్సు ఎక్కేచోటికి ఆమె వెనకే వెళ్ళాను. చందాపుర పోవాలంటే రెండు బస్సులు మారాలి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళతో స్టాపు నిండుగా ఉంది. ఏం చెప్పాలో ఆలోచించుకునే వెళ్ళాను.

"నన్ను కాపాడలేదని కాదన్నా నా బాధ," అంది ఆమే, రోడ్డు వైపు చూస్తూ. "మీకూ కుటుంబం ఉంది, భయం ఉంటుంది. నేను మిమ్మల్ని కాపాడమని అడగలేదు. మీకు తెలిసింది చెప్పమన్నాను, అంతే."

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"ఆ మాట నాకు చెబితే ఏం లాభమండీ," అంది. అన్నా పోయి అండీ వచ్చింది. బస్సు వచ్చింది, ఎక్కింది.

ఆ తర్వాత ఆమెకి ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికిందని విన్నాను. రెండు మెట్లు కింద చేరాల్సి వచ్చిందట. బాగానే ఉంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆమె బాగుంటే నా తప్పు చిన్నదవుతుందన్న లెక్క నాది. దిక్కుమాలిన లెక్క. నేను రాసుకున్న ఆ నాలుగు ముక్కల మెయిల్ డ్రాఫ్టుల్లోనే ఉండిపోయింది. కంపెనీ మెయిల్ సర్వర్ మార్చినప్పుడు పాత డ్రాఫ్టులు పోయాయన్నారు. పోతే పోనీ అనుకున్నాను.

కానీ ఆ పట్టిక ఉన్న మెయిల్ పోలేదు. మేనేజర్ దాన్ని లీడ్లందరికీ పంపాడు, పైవాళ్ళతో ఎట్లా మాట్లాడాలో చూసి నేర్చుకోండి అని. అది ట్రైనింగుల్లోకి ఎక్కింది. కొత్త లీడ్లకి చూపించే ఫోల్డర్లో చేరింది. ఎక్కడెక్కడి ప్రాజెక్టుల వాళ్ళో కారిడార్లో ఆపి, సార్, మీ మెయిల్ చూసే మేం స్ప్రింట్ సంపాదించుకున్నాం అనేవాళ్ళు. పేర్లు తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. అడిగితే ఎందుకని అడుగుతారని ఊరుకున్నాను.

మూడు నాలుగేళ్ళ తర్వాత పక్క ప్రాజెక్టు లీడ్ ఒకామె లాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చింది. అప్పటికి నాకు గది ఉంది. ఆమె తెలుగే, అనంతపురం అమ్మాయి. వాళ్ళ కోడ్ కూడా పాడైపోయిందట, ఒక స్ప్రింట్ అడుగుతూ మెయిల్ రాస్తోందట, నన్ను చూసిపెట్టమని అడిగింది. తెరిచి చూశాను. నా మెయిల్‌కి అచ్చంగా నకలు. టెస్టుల సంగతి, చెయ్యం అన్న పనుల సంగతి, గెలుపోటముల సంగతి, అన్నీ ఉన్నాయి. పట్టిక కూడా ఉంది. నాలుగో కాలమ్ కూడా ఉంది, అందులో ఎవరిదో లాగిన్ ఉంది.

"ఈ కాలమ్ తీసెయ్యమ్మా," అన్నాను.

"ఎందుకు సార్? మీ దాంట్లో అదే కదా బలంగా ఉండేది. మా మేనేజర్ కూడా అదే కావాలంటాడు."

"అది ఒకోసారి తప్పు చూపిస్తాది. ఎవరో రాసింది ఇంకెవరి పేరునో పడతాది."

ఆమె శ్రద్ధగా తల ఊపింది. చురుకైన మనిషి. వెంటనే అడిగింది, "అయితే మీ దాంట్లో సార్? అందులో ఉండే పేరు సరైందే కదా?"

తలుపు మూసి ఉంది. గదిలో మేమిద్దరమే. ఆమెకి ఆ పేరు మనిషి ఎవరో తెలియదు, నిజం చెబితే నా ఉద్యోగం పోదు, జీతం తగ్గదు, అడుగు సీటు నింపాల్సిన మేనేజర్ ఎవరూ ఎదురుగా లేరు. అడిగిన ప్రశ్న మాత్రం అదే.

"ఆఁ," అన్నాను. "మా దాంట్లో సరిగ్గానే ఉండాది."